అపోహలు – వాస్తవాలు: ఎన్‌క్రిప్ట్ చేసిన కమాండ్‌ను ఎవరూ మార్చలేరా?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లను ఫోన్‌తో నడిపే స్టార్టర్ బాక్సులు తయారుచేసేవాళ్లు ఇది తప్పక చదవాలి.

అపోహ: ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాం. కీ లేనివాడు ఏమీ చేయలేడు.

కీ లేనివాడు చదవలేడు, అంతవరకే నిజం. మార్చడానికి మాత్రం కీ అక్కర్లేదు. ఏడో చెరువు ఏరేటర్‌ను ఆన్ చేసే మెసేజ్ `P07:AER=1` అనుకుందాం. ఏఈఎస్‌ను వాడే పద్ధతుల్లో ఒకటైన సీటీఆర్ మోడ్‌లో కీ నుంచి పుట్టిన బిట్ల వరుసను మెసేజ్‌తో ఎక్సార్ చేస్తారు. అందుకే దారిలో ఏ బిట్‌ను తిరగేస్తే, బాక్సు డీక్రిప్ట్ చేశాక సరిగ్గా అదే బిట్ తిరగబడి ఉంటుంది. ఆస్కీలో `1` అంటే 0x31, `0` అంటే 0x30. తేడా ఒక్క బిట్. మెసేజ్ ఏ వరుసలో ఉంటుందో తెలిసినవాడు ఎన్‌క్రిప్ట్ అయిన మెసేజ్ `c`లో తొమ్మిదో బైట్‌ను ముట్టుకుంటే చాలు:

```python
c = bytearray(c)
c[8] ^= 0x01
```

బాక్సు దాన్ని `P07:AER=0` అని చదువుతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో తేడా కనపడదు. రైతు ఫోన్‌లో ఆన్ నొక్కి పడుకుంటాడు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు తేలతాయి.

అపోహ: లోపల సీఆర్‌సీ ఉంది కదా, మారితే పట్టేస్తుంది.

పట్టదు. సీఆర్‌సీ ఉన్నది లైన్‌లో వచ్చే పొరపాట్ల కోసం, దానికి రహస్య కీ లేదు. మెసేజ్‌లో ఫలానా బిట్ మారితే సీఆర్‌సీలో ఏ బిట్లు మారతాయో మెసేజ్ తెలియకుండానే లెక్క కట్టొచ్చు. వాటినీ తిరగేస్తే లెక్క సరిపోతుంది. వైఫైలో పాత వెప్ రక్షణకు ఇదే లోపమని 2001లోనే చూపించారు.

కావలసింది కీతో లెక్కగట్టే మెసేజ్ ఆథెంటికేషన్ కోడ్, అంటే మాక్. ఎన్‌క్రిప్షన్ కీ కాకుండా దీనికి వేరే 32 బైట్ల కీ పెట్టండి. ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, వచ్చిన సైఫర్‌టెక్స్ట్‌కీ, ప్రతి మెసేజ్‌కూ కొత్తగా వాడే నాన్స్ అనే విలువకీ కలిపి ట్యాగ్, అంటే ఆ మాక్ కోడ్, కట్టాలి:

```python
tag = hmac.new(k_mac, nonce + c,
               hashlib.sha256).digest()
```

నాన్స్‌ను వదిలేస్తే దాన్ని మార్చి మెసేజ్‌ను చెడగొట్టొచ్చు. బాక్సు ముందుగా ట్యాగ్‌ను తానూ లెక్కగట్టి పోల్చాలి. కలవకపోతే డీక్రిప్ట్ చేయకుండానే పారేయాలి. పోల్చడానికి `==` వద్దు, `hmac.compare_digest` వాడండి. మామూలు పోలిక తేడా కనపడ్డ చోటే ఆగిపోతుంది, పట్టిన సమయాన్ని బట్టి ఎన్ని బైట్లు కలిశాయో బయటికి తెలిసే వీలుంది. డేటా తక్కువ పట్టే లైన్ అయితే ట్యాగ్‌లో మొదటి 16 బైట్లు పంపినా చాలు.

అపోహ: మాక్ ఉంటే పాత మెసేజ్ మళ్లీ పనిచేయదు.

పనిచేస్తుంది. నిన్న మీరే పంపిన ఆఫ్ మెసేజ్‌ను రికార్డు చేసి ఈ రాత్రి వదిలితే ట్యాగ్ సరిగ్గానే కలుస్తుంది. ప్రతి మెసేజ్‌కూ పెరిగే నంబరు ఇచ్చి, దాన్నీ ట్యాగ్ లెక్కలో చేర్చండి. బాక్సు చివరగా ఒప్పుకున్న నంబరును కరెంటు పోయినా చెరగని మెమరీలో రాసుకుని, అంతకు మించిన నంబరునే తీసుకోవాలి.