‘తినొచ్చు’, ‘తినొద్దు’: తెలుగు నేర్చుకుంటున్నవాళ్లతో మందుల షాపు కౌంటర్ దగ్గర. అపోహలు – వాస్తవాలు

గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో, కట్టుబడి పనుల్లో బీహార్ వాళ్లూ ఒడిశా వాళ్లూ చాలామంది ఉన్నారు. వచ్చిన ఆరు నెలలకు కూరగాయల బేరం తెలుగులో చేసేస్తారు. జ్వరమొస్తే మాత్రం కొత్తపేటలోనో గవర్నర్‌పేటలోనో మందుల షాపు ముందు నిలబడి, చెప్పినదానికల్లా తలూపి వెళ్లిపోతారు. మాత్రలు ఎలా వేసుకోవాలో తెలిసిందా లేదా అన్నది ఆ తలూపుడులో కనపడదు. కొత్తవాళ్లకు మాట్లాడే తెలుగు నేర్పేవాళ్లుగా, కౌంటర్‌లో ఉండేవాళ్లు ఎక్కువగా పట్టుకుని కూర్చునే నమ్మకాలను ఇక్కడ తీసుకుంటున్నాం.

అపోహ: మెల్లగా చెప్పడమంటే మాటను సాగదీయడం.

తెలుగులో సాగదీస్తే మాటే మారిపోతుంది. ‘నెల’ను సాగదీస్తే ‘నేల’, ‘వెళ్ళు’ను సాగదీస్తే ‘వేళ్ళు’. మనకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, వినేవాడికి తెలియదు. పైగా హిందీలో ఎ, ఒ అనే అక్షరాలకు పొట్టి, పొడుగు తేడా లేదు. ఒడియా మాట్లాడేవాళ్లకు ఇ–ఈ, ఉ–ఊ తేడా పలుకుబడిలో ఉండదు. వాళ్లు కష్టపడి పట్టుకుంటున్న తేడాను మనమే చెరిపేస్తే ఎలా?

మాట వేగం మామూలుగానే ఉండాలి. పెరగాల్సింది మాటల గుంపుల మధ్య ఖాళీ. ‘అన్నం తిన్న తర్వాత... ఈ మాత్ర... ఒకటి వేసుకోండి.’ ప్రతి గుంపూ ఒక అర్థం దగ్గర ముగుస్తుంది, అక్కడ ఒక ఊపిరి ఆగుతాం. ‘అన్నం తిన్న... తర్వాత ఈ... మాత్ర ఒకటి వేసు... కోండి’ అని విరిచామంటే, ఎంత మెల్లగా చెప్పినా లాభం లేదు. ముక్కలన్నీ అతనే మళ్లీ అతికించుకోవాలి.

రెండో పని సంధులు విడదీయడం. మన ప్రాంతంలో మాటలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ‘మాత్రేసుకుని పడుకోండి’ అంటే అతను పుస్తకంలోనో ఫోన్‌లోనో నేర్చుకున్న ‘మాత్ర’, ‘వేసుకోవడం’ రెండూ అందులో వినపడవు. ‘మాత్ర వేసుకోండి. తర్వాత పడుకోండి’ అంటే రెండూ దొరుకుతాయి. చాలా సందర్భాల్లో ఈ ఒక్క మార్పే సరిపోతుంది, వేగం తగ్గించే అవసరమే రాదు.

గొంతు పెంచడం గురించి ఒక్క మాట: అరిచినప్పుడు అచ్చులు పెద్దవవుతాయి గానీ హల్లులు ఆ మేరకు పెరగవు. అతనికి తేడా తెలియాల్సింది హల్లుల్లో కూడా.

అపోహ: చిన్న చిన్న మాటల్లో చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

అసలు ప్రమాదం చిన్న మాటల్లోనే ఉంది. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

‘తినొచ్చు’, ‘తినొద్దు’. తేడా ఒక్క హల్లు. అర్థాలు మాత్రం ఎదురెదురు. ఫ్యాన్ తిరుగుతూ, రోడ్డు మీద ఆటోలు హారన్ కొడుతూ ఉంటే ఆ ‘చ్చు’, ‘ద్దు’ మనవాళ్లకే సరిగా వినపడవు. సరే, ‘తినండి’, ‘తినకండి’ అందామా అంటే అక్కడ తేడా మధ్యలో ఒక ‘క’. ‘తిన్నాక’, ‘తినక’ సంగతీ అంతే: ‘తిన్నాక వేసుకోండి’ అంటే భోజనం తర్వాత, ‘తినకముందు వేసుకోండి’ అంటే భోజనానికి ముందు. మాత్ర విషయంలో ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో కౌంటర్‌లో ఉన్నవాళ్లకు మేం చెప్పక్కర్లేదు.

కాబట్టి పొట్టి రూపం వదిలి, పొడుగ్గా విడిగా వినపడే రూపం పట్టుకోవాలి. వద్దనాలంటే ‘తినకూడదు’. చివర్లో ‘కూడదు’ స్పష్టంగా వినపడుతుంది, దాన్ని పోలిన అవును మాట ఏదీ పక్కన లేదు. తినవచ్చనాలంటే ‘అవును, తినండి’. ముందున్న ‘అవును’ దారి చూపిస్తుంది. తినడానికి ముందో తర్వాతో చెప్పాలంటే ‘తిన్న తర్వాత’, ‘తినే ముందు’. ‘తినక’ అన్న రూపం ఈ కౌంటర్ మీద వాడకపోవడమే మంచిది.

ఇంకో చిక్కు, మన మర్యాద మాటల్లో. అతను ‘పెరుగు తినొచ్చా?’ అని అడుగుతాడు. మనం ‘పర్లేదండీ’ అంటాం, లేదా ‘ఏం కాదు’ అంటాం. మన లెక్కన రెండూ ‘నిరభ్యంతరంగా తినండి’ అనే. అతని చెవికి చేరేది మాత్రం ‘లేదు’, ‘కాదు’. హిందీలో ఒక్క ‘నహీ’తో సరిపోయే చోట, తెలుగులో లేదు, కాదు, వద్దు అని మూడున్నాయని అతను కష్టపడి నేర్చుకున్నాడు. ఆ మూడింట్లో ఏది వినపడినా కాదన్నట్టే తీసుకుంటాడు. మాత్రలు వాడినన్ని రోజులూ పెరుగు మానేస్తాడు. మళ్లీ వచ్చి అడగడు కూడా.

ఒక చీటీ, మొదటి నుంచి చివరి దాకా

చీటీలో రెండు మందులున్నాయనుకుందాం. గ్యాస్ మాత్ర పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు. యాంటీబయాటిక్ టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి అన్నం తర్వాత ఒకటి, ఐదు రోజులు. కౌంటర్ మీద మామూలుగా వినపడేది ఇది:

‘ఇది పొద్దున్నే పరగడుపునేసుకుని అరగంటాగి టిఫిన్ చేసి ఇదోటేసుకోండి, రాత్రి తిన్నాకోటి, తగ్గినా ఆపకుండా ఐదురోజులేసుకోవాలి.’

ఎక్కడెక్కడ తప్పిపోతుందో చూడండి. ‘పరగడుపున’ కొత్తవాళ్లు ఎక్కడా వినని మాట. ‘వేసుకుని, ఆగి, చేసి’ అని క్రియలు ఒకదాని వెనక ఒకటి వేలాడుతున్నాయి, వాక్యం పూర్తయ్యేదాకా అన్నీ మనసులో మోయాలి. రెండుసార్లు వచ్చిన ‘ఇది’లో ఏది ఏ మాత్రో చేతి వైపు చూస్తే తప్ప తెలియదు. ‘ఆపకుండా’లో అతనికి తెలిసిన ముక్క ‘ఆపు’ ఒక్కటే, కాబట్టి జ్వరం తగ్గగానే ఆపమన్నారనుకుంటాడు.

అదే సంగతిని, పని జరిగే వరుసలో, ఒక్కో వాక్యానికి ఒక్కో పని చొప్పున చెబితే ఇలా ఉంటుంది. మొదటి షీటు చేతిలో పట్టుకుని: ‘పొద్దున లేచిన తర్వాత, ముందు ఈ తెల్ల మాత్ర ఒకటి. అరగంట ఆగండి. టిఫిన్ తినండి.’ అది కింద పెట్టి రెండోది తీసుకుని: ‘టిఫిన్ తర్వాత, ఈ ఎర్ర మాత్ర ఒకటి. రాత్రి అన్నం తిన్న తర్వాత, మళ్లీ ఈ ఎర్ర మాత్ర ఒకటి. ఐదు రోజులు. జ్వరం తగ్గిందా? అయినా వేసుకోండి. ఐదు రోజులూ వేసుకోండి.’

ఇందులో పిల్లల భాష లేదు, విరిగిన తెలుగు లేదు. పక్కన నిలబడ్డ తెలుగాయన విన్నా వింతగా అనిపించదు. మీరు చెప్పే తీరు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఇదే గుర్తు: ఆ మాటలే మీ మేనమామకు చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటాడా?

‘మందు’ అన్న మాట కూడా ఇందులో రానివ్వలేదు, గమనించారో లేదో. మిరప చేలో కొట్టేదీ మందే, బ్రాందీ షాపులో అమ్మేదీ మందే. ‘మందు వేసుకున్నారా?’ అంటే పనిచోట అతను విన్న అర్థం వేరే కావచ్చు. మాత్ర, టాబ్లెట్, సిరప్ అంటే గొడవ లేదు.

అపోహ: ‘నువ్వు, రా, పో’ అంటే వాళ్లకు సులువు, ‘అండీ’లు కష్టం.

తిరగేసి చూడండి. మర్యాద రూపమే వ్యాకరణంలో తేలిక. చెప్పు – చెప్పండి, కూర్చో – కూర్చోండి, తీసుకో – తీసుకోండి. ఏకవచనం ఒక్కో క్రియకు ఒక్కోలా ముగుస్తుంటే, మర్యాద రూపాలన్నిటికీ చివర ఒకే ‘ండి’. ‘వచ్చాడు, వచ్చింది’ అని ఆడా మగా చూసుకోవాల్సిన చోట ‘వచ్చారు’ ఒక్కటి చాలు. ఒడియాలో క్రియకు లింగభేదం లేదు కాబట్టి అక్కడివాళ్లకు ఇది ఇంకా హాయి.

మరో సంగతి, వినేదే అతను నేర్చుకునేది. రోజంతా ‘ఇట్రా, అది తేరా’ అనిపించుకున్నవాడు అదే తెలుగనుకుని ఓనర్‌తో ‘డబ్బులు ఇవ్వరా’ అంటాడు. పొగరనుకుంటారు. పాఠం చెప్పింది మనమేగా!

వెంట మేస్త్రీ వస్తే మొహం అటు తిప్పి ‘ఇతనికి చెప్పు’ అనడం కూడా ఈ కోవలోదే. జబ్బు మేస్త్రీకి కాదు. అర్థం కాని ఒక్క ముక్క మేస్త్రీ చెప్పొచ్చు, మాట మాత్రం మనిషిని చూసే చెప్పాలి.

అపోహ: ‘అర్థమైందా?’ అని అడిగితే సరిపోతుంది.

దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ‘ఆ, ఓకే’నే. వెనక నలుగురు నిలబడి ఉంటే కాలేదని ఎవరంటారు? అప్పజెప్పమనడమూ బాగుండదు, బడిలో ఉన్నట్టుంటుంది. పని మీద ప్రశ్న వేయండి: ‘రేపు పొద్దున ముందు ఏది వేసుకుంటారు?’ అతను షీటు చూపిస్తే చాలు, మాట అక్కర్లేదు. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టే దాకా ఆగండి. జవాబు అతని భాషలో తయారై, తెలుగులోకి మారి బయటికి రావాలి. మనకు ఓపిక లేక రెండో సెకనుకే ఇంకో ప్రశ్న వేస్తే మొదటిది చెదిరిపోతుంది.

అర్థం కాలేదని తెలిస్తే, మొదటిసారి అదే వాక్యం అవే మాటలతో చెప్పండి. బహుశా వినపడలేదంతే. వెంటనే మాటలు మార్చేస్తే అతనికి అది రెండో లెక్క. అప్పుడూ కాకపోతే మాట మార్చండి, కవరు మీద అంకెలు రాయండి: 8, 8½, రాత్రి 9. అతను ఏ లిపి చదవగలడో అడిగి రాయండి. తెలుగు మాట్లాడేవాళ్లంతా తెలుగు చదవలేరు.

అపోహ: తప్పు మాట్లాడితే అక్కడికక్కడ దిద్దాలి.

‘రేపు జ్వరం వచ్చింది’ అంటాడు. హిందీలో నిన్నకూ రేపుకూ ఒకటే మాట, ‘కల్’. నవ్వొద్దు, పాఠం చెప్పొద్దు, ‘నిన్న వచ్చిందా? ఎన్ని గంటలకి?’ అని సరైన మాటతోనే మీ ప్రశ్న అడగండి. మీకు కావలసిన సమాచారం వస్తుంది, అతనికి మాట దొరుకుతుంది. ‘అబ్బో, తెలుగు బాగా వచ్చేసిందే!’ అని ప్రతి వాక్యానికీ మెచ్చుకోవడం మాత్రం మానండి. జ్వరంతో వచ్చినవాడికి అది అడ్డం.

ఇక ఎప్పుడు హిందీలోకి మారాలి? మీకు హిందీ వచ్చి, ఏ మందైనా పడదా, గర్భంతో ఉన్నారా, ఇంకే మాత్రలు వాడుతున్నారు అని అడిగేటప్పుడు మారిపోండి, ఆ మూడింటి దగ్గర అభ్యాసం పెట్టుకోకూడదు. మిగతాదంతా అతను తెలుగులో మొదలుపెడితే తెలుగులోనే కానివ్వండి. ‘ఏ భాషలో చెప్పమంటారు?’ అని ఒకసారి అడిగితే ఆ సంగతి అతనే తేలుస్తాడు.