చాట్‌బాట్ లాగ్స్ చదవడం: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి అపాయింట్‌మెంట్లు ఇచ్చే చాట్‌బాట్ మీద పని చేస్తున్నాను. లాగ్స్ అనగానే ఎప్పుడూ వినిపించే మాటలు మూడు.

అపోహ: కస్టమర్లు డిస్‌లైక్ కొట్టిన సంభాషణలు చూస్తే చాలు.

చాలదు. చిరాకు పడినవాళ్లలో చాలామంది ఏ బటనూ నొక్కరు, ఊరికే వెళ్లిపోతారు. అందుకే నేను వారానికోసారి ఏ వడపోతా లేకుండా 100 సంభాషణలు తీసి, మొదటి నుంచి చివరి దాకా చదివి, ఒక్కోదానిలో బాట్ మొట్టమొదట ఎక్కడ దారి తప్పిందో మామూలు మాటల్లో ఒక వాక్యం రాసుకుంటాను. మొదటి తప్పే ఎందుకంటే, తర్వాతి తప్పులు చాలావరకు దాని నుంచే పుడతాయి. అన్నీ చదివాకే వాటిని గుంపులు చేసి లెక్కపెడతాను.

అలా చదువుతుంటేనే ఇది దొరికింది. తెల్లవారుజామున 5 గంటలకి ఒకావిడ "ivala 7 ki fasting sugar ki ravacha" అని అడిగితే బాట్ "ఈరోజు స్లాట్లు అయిపోయాయండి, రేపు రండి" అంది. ఆవిడ ఇంకేం రాయలేదు. ఇలాంటివే మరో నాలుగు కనిపించాయి, అన్నీ అర్ధరాత్రి 12కీ ఉదయం 5:30కీ మధ్యే.

అపోహ: తప్పు కనిపిస్తే ప్రాంప్ట్‌లో ఒక లైన్ చేర్చేయాలి.

మా టీమ్‌లోనూ "ivala అంటే ఈరోజు" అని రాద్దాం అన్నారు. కానీ బాట్‌కి ఆ మాట అర్థమైంది, తెలియనిది తేదీ. ప్రాంప్ట్‌లోకి తేదీ సర్వర్ నుంచి వస్తోంది, సర్వర్ ఉన్నది యూటీసీలో, అది మనకన్నా 5:30 గంటలు వెనక. మనకి తెల్లారుతున్నా దానికింకా నిన్నే! మార్చింది ఇంతే:

```python
datetime.now(ZoneInfo("Asia/Kolkata"))
```

తర్వాత ఆ ఐదింటితో పాటు, అంతకుముందు సరిగ్గా నడిచిన 30 సంభాషణల్ని కూడా మళ్లీ నడిపి చూశాం, ఒకటి బాగుచేయబోయి ఇంకోటి చెడగొట్టలేదని తెలియాలి కదా.

అపోహ: పేరూ ఫోన్ నంబరూ తీసేస్తే ప్రైవసీకి ఢోకా లేదు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. నంబర్‌ని మధ్యలో ఖాళీలు పెట్టి రాస్తారు, పది అంకెలూ కలిసి ఉంటేనే పట్టే ఫిల్టర్ దాన్ని వదిలేస్తుంది. పేరు లేకపోయినా "గాజువాకలో గుడి ఎదురు మేడ, మా మామగారికి టీబీ టెస్ట్" అని ఉంటే ఆ వీధిలో వాళ్లకి ఎవరో తెలిసిపోతుంది. అందుకని ఇంటి గుర్తుల్ని `[ADDRESS]` గా మార్చాకే సంభాషణ చదివేవాళ్ల దగ్గరికి వస్తుంది, మార్చినవాటిలోనూ ఏమైనా మిగిలిపోయాయేమో ఒక మనిషి కొన్ని తీసి చూస్తారు. అసలు లాగ్ ఇద్దరికే తెరుచుకుంటుంది, 30 రోజులకి చెరిగిపోతుంది. సంభాషణలు ఎందుకు చదువుతామో చాట్ మొదట్లోనే కస్టమర్‌కి చెబుతాం.

అలాగని అన్నీ చెరిపేయకూడదు. సమయం కూడా తీసేసి ఉంటే పై తప్పు మాకు ఎప్పటికీ దొరికేది కాదు, అందుకే తేదీ తీసేసినా గంట మాత్రం ఉంచుతాం.