కింద దురదంటే ఫంగసేనా? లైకెన్ స్క్లెరోసస్ గురించి అపోహలు - వాస్తవాలు

ఆవిడ నా బల్ల మీద ఒక ప్లాస్టిక్ కవరు బోర్లించింది. పదకొండు ట్యూబులు పడ్డాయి. కొన్ని తోక దాకా చుట్టి పిండేసినవి, కొన్ని రెండు రోజులు రాసి మూత పెట్టేసినవి. వయసు 58. నెలసరి ఆగి తొమ్మిదేళ్లు. నాలుగేళ్లుగా కింద దురద. "పగలు ఏదో పనిలో పడి మర్చిపోతానమ్మా, రాత్రి నడుం వాల్చానో లేదో మొదలు" అంది. ఒక్కోసారి గోకి గోకి రక్తం వస్తే గానీ ఆగదట.

"ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?"

"నలుగురికి చూపించాను."

"వాళ్లలో చూసిందెవరు?"

కాసేపు ఆగి నవ్వేసింది. "ఎవరూ చూళ్లేదు. వాళ్లు అడగలా, నేను చెప్పలా."

చర్మవ్యాధుల డాక్టరుగా నాకు ఈ సంభాషణ కొత్త కాదు. మోచేతి మీద దురదంటే చొక్కా పైకి మడిచి చూస్తాం. ఇక్కడ మాత్రం చూడకుండానే మందు రాసేస్తాం. కింది అపోహల్లో సగం అక్కడ పుట్టినవే.

అపోహ: కింద దురదంటే ఫంగసే

ఆవిడ తెచ్చిన పదకొండు ట్యూబుల్లో ఎనిమిది ఫంగస్ మందులు. కానీ కాండిడా అనే ఫంగస్ పెరగాలంటే యోనిలో ఈస్ట్రోజన్ ప్రభావం ఉండాలి. నెలసరి ఆగాక అది తగ్గిపోతుంది కాబట్టి ఈ వయసులో ఆ ఫంగస్ అంత మామూలు విషయం కాదు. షుగరు అదుపులో లేకపోయినా, ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడినా, హార్మోన్లు తీసుకుంటున్నా రావచ్చు. షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లని తప్పక అడుగుతాను. అవి చక్కెరని మూత్రంలోకి పంపేస్తాయి, ఫంగస్‌కి అదే పండగ. ఈవిడకి షుగరు లేదు, ఆ మాత్రలూ లేవు.

దీపం దగ్గరగా పెట్టి చూస్తే జవాబు ఎదురుగానే ఉంది. చర్మం ఉల్లిపొరలా పల్చబడి, తెల్లగా, సన్నగా ముడతలు పడి ఉంది. ఆ తెలుపు యోని చుట్టూ తిరిగి, కిందికి వెళ్లి మలద్వారాన్ని కూడా చుట్టింది. మొత్తం కలిపితే 8 అంకెలా ఉంది. మధ్యలో సూదితో పొడిచినట్టు ఎర్రటి రక్తపు చుక్కలు, గోకిన చోట చీలికలు. లోపలి పెదవులు ఉండాల్సిన చోట గీత మాత్రమే మిగిలింది, అవి పక్క చర్మంలో కలిసిపోయాయి. క్లిటోరిస్ మీది మడత అతుక్కుపోయింది. యోని లోపలి పొర మాత్రం శుభ్రంగా ఉంది, తెల్లబట్ట లేదు. ఈవిడది లైకెన్ స్క్లెరోసస్. అది బయటి చర్మానికి వచ్చే జబ్బు, సాధారణంగా లోపలికి పోదు.

ఈవిడకి మూత్రం పోసేటప్పుడు మంట కూడా ఉండేది. దానికి మూడుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మూత్రంలో క్రిములని వెతికే కల్చర్ పరీక్ష ఏదీ పాజిటివ్ రాలేదు. నిజానికి మంట మూత్రంలో లేదు, మూత్రం తగిలిన చీలికల్లో ఉంది.

అపోహ: తెల్లగా ఉందంటే బొల్లి

బొల్లిలో రంగు మాత్రమే పోతుంది. చర్మం మెత్తగా, మామూలుగానే ఉంటుంది, మడతలు వాటి చోట అవి ఉంటాయి, దురద పెద్దగా ఉండదు. లైకెన్ స్క్లెరోసస్‌లో చర్మం తీరే మారిపోతుంది. చిక్కేమిటంటే ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. శరీరంలోని రక్షణ వ్యవస్థ తన చర్మం మీదే దాడి చేయడం వల్ల లైకెన్ స్క్లెరోసస్ వస్తుందన్నది ఎక్కువమంది నమ్మే కారణం. అందుకే బొల్లి, థైరాయిడ్ జబ్బులు ఈ రోగుల్లో కాస్త ఎక్కువ కనిపిస్తాయి. ఈవిడకి థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తే పెరిగి ఉంది.

చర్మం పల్చబడకుండా, దానికి పూర్తి వ్యతిరేకంగా ఏనుగు తోలులా మందంగా, గరుకుగా తయారైతే అది వేరే కథ. ఏ కారణంతో మొదలైనా ఏళ్ల తరబడి గోకడం వల్ల అలా అవుతుంది. దాన్ని లైకెన్ సింప్లెక్స్ అంటాం. తొడల గజ్జల్లో అంచు ఎర్రగా ఉంగరంలా పాకుతుంటే తామర. దానికి కాస్త పొట్టు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపు కింద చూస్తే అప్పటికప్పుడే తేలిపోతుంది.

అపోహ: ముక్క తీస్తేనే జబ్బు ఖాయం చేస్తారు, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది

రెండూ తప్పే. ఈవిడలాగా అన్ని లక్షణాలూ ఉంటే చూసి మందు మొదలుపెడతాం. అనుమానం ఉన్నా, మందు సరిగా వాడినా తగ్గకపోయినా, ఎక్కడైనా గట్టిగా, దళసరిగా, పుండులా ఉన్నా అప్పుడు పంచ్ బయాప్సీ. మత్తు సూది వేసి 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తాం. అవసరమైతే ఒక కుట్టు. స్టెరాయిడ్ కొన్ని వారాలు రాసేశాక తీస్తే రిపోర్టు ఒక్కోసారి ఏమీ చెప్పదు కాబట్టి, తీయాలనుకుంటే ముందే తీయడం మంచిది.

ఇంకో మాట. పాప్ స్మియర్ నార్మల్ అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. అది గర్భాశయ ముఖద్వారం పరీక్ష. బయటి చర్మం గురించి అది ఏమీ చెప్పదు.

అపోహ: వేడి చేసింది, వంకాయ మానేస్తే చాలు

పాపం వంకాయ. ఈవిడ నాలుగేళ్లుగా గుత్తివంకాయ ముట్టలేదట. ఈ జబ్బుకీ వంకాయకీ, గోంగూరకీ సంబంధం లేదు. తినమన్నాను.

అపోహ: బాగా కడిగితే తగ్గుతుంది

ఈవిడ రోజుకి నాలుగుసార్లు సబ్బుతో కడిగేది. మధ్యమధ్యలో బకెట్లో యాంటీసెప్టిక్ లోషన్, వేపాకు నీళ్లు. ఇది మురికి వల్ల వచ్చే జబ్బు కాదు, అంటువ్యాధి కాదు, భర్త నుంచి వచ్చేదీ కాదు. అసలే పల్చబడిన చర్మానికి సబ్బు మంట పెంచుతుంది. కింద సబ్బు పూర్తిగా మాన్పించాను. ఉత్త నీళ్లతో కడిగి, అద్దినట్టు తుడుచుకుని, సాదా వాసెలిన్ పల్చగా రాయమన్నాను. మూత్రానికి వెళ్లే ముందు రాస్తే మంట కూడా తగ్గుతుంది. సువాసన వేసిన వాష్‌లు, తడి టిష్యూలు, రోజూ పెట్టుకునే ప్యాడ్లు కూడా ఆపాలి.

అపోహ: స్టెరాయిడ్ అక్కడ రాయకూడదు

అసలు గొడవంతా ఇక్కడే. ఈ జబ్బుకి మొదటి మందు క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం ఆయింట్‌మెంట్. స్టెరాయిడ్ పూతల్లో అత్యంత బలమైన రకం. పెట్టెలోని కాగితం మీద జననాంగాల దగ్గర వాడొద్దని రాసి ఉంటుంది. రోగి ఇంటికెళ్లి అది చదువుతుంది, లేదా మెడికల్ షాపులో కుర్రాడు "అమ్మో, ఇది అక్కడ రాస్తారా?" అంటాడు, ట్యూబు బీరువాలోకి పోతుంది. అందుకే ఆ కాగితం నేనే ముందు చూపించి, ఈ జబ్బుకి మాత్రం ఇదే మందని చెప్పి పంపుతాను.

లెక్క ఇలా. మొదటి నాలుగు వారాలు రోజూ రాత్రి ఒకసారి. తర్వాత నాలుగు వారాలు రోజు విడిచి రోజు. ఆ తర్వాత నాలుగు వారాలు వారానికి రెండుసార్లు. మొత్తం కలిపితే 28, 14, 8, అంటే యాభై పూతలు. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, ఒక పూతకి అంతకన్నా అక్కర్లేదు. యాభై పూతలకి 25 గ్రాములు. కాబట్టి 30 గ్రాముల మందు మూడు నెలలు రావాలి. నెలకే అయిపోయిందంటే ఎక్కువ రాస్తున్నట్టు, మూడు నెలల తర్వాత సగం మిగిలిందంటే రాయడం లేదన్నట్టు. అందుకే ప్రతిసారీ ట్యూబు తెచ్చి చూపించమంటాను.

ఎక్కడ రాయాలో అద్దంలో చూపించాలి. తెల్లబడిన చోట మాత్రమే, మలద్వారం చుట్టూ ఉంటే అక్కడ కూడా. తొడలకి పులిమితే అక్కడి చర్మం నిజంగానే పల్చబడి చారలు పడుతుంది. క్రీమ్ కన్నా ఆయింట్‌మెంట్ నయం, మంట తక్కువ.

ఆవిడ కవరులో మిగిలిన మూడు ట్యూబుల్లోనూ క్లోబెటసాల్ ఉంది! కానీ ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపిన క్రీములవి. రాసినప్పుడల్లా రెండు రోజులు హాయిగా ఉండేదట, ఆపగానే మళ్లీ మొదలయ్యేది. అంటే సరైన మందు తప్పుడు తోడుతో, తప్పుడు లెక్కలో ఆవిడ చేతిలోనే ఉంది. ఇవే క్రీములు తామర ఉన్నవాళ్లు రాస్తే దురద తాత్కాలికంగా ఆగి, లోలోపల తామర గజ్జలంతా పాకుతుంది. అందుకే జబ్బేమిటో తేలకుండా స్టెరాయిడ్ వద్దు, తేలాక భయపడొద్దు.

అపోహ: దురద పోయింది, మందు ఆపెయ్యొచ్చు

ఈవిడకి మూడో వారానికి నిద్ర పట్టింది. మూడు నెలలకి చీలికలు, రక్తపు చుక్కలు పోయాయి. తెలుపు చాలావరకు తగ్గింది, కొంత మిగిలింది. కలిసిపోయిన పెదవులు మాత్రం తిరిగి రావు, ఆ సంగతి మొదటి రోజే చెప్పాను. ఇక ఆపేస్తానంది. చాలామంది అలాగే ఆపేస్తారు, చాలామందిలో జబ్బు తిరిగొస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు రాయడం కొనసాగించాలి. "మంగళవారం, శనివారం పెట్టుకుంటానులే, ఉపవాసాలు కాబట్టి గుర్తుంటుంది" అంది.

అపోహ: చిన్నపిల్లలకి రాదు

వస్తుంది. నెలసరి మొదలవకముందు వయసు ఈ జబ్బు ఎక్కువగా కనిపించే రెండు దశల్లో ఒకటి. ఆరేడేళ్ల పాప కింద గోకుతుంటే మనం నులిపురుగుల మందు పోస్తాం, అది న్యాయమే. తగ్గకపోతే చూడాలి. కొందరు పిల్లలకి దురద కన్నా మలబద్ధకమే ముందు కనిపిస్తుంది, చీలికలు నొప్పెట్టి విరేచనం బిగపట్టుకుంటారు. చర్మం కింది రక్తపు మచ్చలు చూసి ఎవరో పాపకి హాని చేశారని కంగారు పడిన ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు, కానీ చర్మం తెలిసిన డాక్టరు చూడకుండా ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు. పెద్దమనిషి అయ్యాక దానంతటదే పోతుందన్న మాటని నమ్ముకోవద్దు. కొందరిలో దురద ఆగినా జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది.

అపోహ: ఇది క్యాన్సరే, కోసి తీసేయాలి

ఇది క్యాన్సర్ కాదు. ఏళ్ల తరబడి వదిలేస్తే కొద్దిమందిలో, నూటికి ఐదుగురికన్నా తక్కువ మందిలో, ఆ చర్మంలో క్యాన్సర్ రావచ్చు. 2015లో ఆస్ట్రేలియా నుంచి 507 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. మందు సరిగా వాడినవాళ్లలో ఒక్కరికీ క్యాన్సర్ రాలేదు. అప్పుడప్పుడూ వాడి వదిలేసిన 150 మందిలో ఏడుగురికి క్యాన్సరో, దాని ముందు దశో వచ్చింది. కోసి తీసేసినా మిగిలిన చర్మంలో జబ్బు మళ్లీ వస్తుంది కాబట్టి, ఆపరేషన్ క్యాన్సర్‌కీ, ద్వారం మరీ మూసుకుపోయినవాళ్లకీ మాత్రమే. లేజర్‌కి వేలకి వేలు పోసే ముందు ఈ ఆయింట్‌మెంట్‌ని మూడు నెలలు లెక్క ప్రకారం వాడి చూడండి.

ఆవిడ ఇప్పుడు ఏడాదికోసారి వస్తుంది. మధ్యలో మాత్రం నెలకోసారి అద్దం పెట్టుకుని చూసుకోవాలి, వేలితో తడమాలి. బియ్యపు గింజంత గడ్డ తగిలినా, మందు రాస్తున్నా మానని పుండు కనిపించినా, ఒకచోట చర్మం దళసరిగా గరుకుగా మారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా రమ్మన్నాను. పోయిన ఏడు అలాగే వచ్చింది, చిన్న పుండుతో. బయాప్సీ తీశాం. గోటి గాయమే.