పారాచూట్ ఉంటే దెబ్బ తగలదా? రెలిగేషన్ గురించి అపోహలు - వాస్తవాలు

శని, ఆదివారాల్లో ఇందిరానగర్‌లోనో కోరమంగళలోనో కూర్చుని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ చూసే తెలుగువాళ్ళు బెంగళూరులో తక్కువేం లేరు. ఏప్రిల్ వచ్చిందంటే టైటిల్ కన్నా రెలిగేషన్ గురించే, అంటే కింది డివిజన్‌కి దిగిపోయే చివరి మూడు స్థానాల గురించే చర్చ ఎక్కువ. ఆ చర్చల్లో కొన్ని మాటలు ఏటా తిరిగి వినిపిస్తుంటాయి. క్లబ్బుల జమాఖర్చులు చదివే పనిలో ఉన్నవాళ్ళుగా వాటికి లెక్కలతో జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాం.

అపోహ: పారాచూట్ సొమ్ము వస్తుంది కదా, కింది డివిజన్‌కి పడినా పెద్ద నష్టం లేదు.

ముందు ఆ సొమ్ము ఎంతో చూద్దాం. ప్రీమియర్ లీగ్ టీవీ ఆదాయంలో 20 క్లబ్బులకూ సమానంగా పంచే వాటా ఒకటి ఉంటుంది. కిందికి పడిన క్లబ్బుకు ఆ వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20 శాతం ఇస్తారు. పైన ఒక్క సీజనే ఆడి దిగిపోతే మూడో ఏడాది ఉండదు. మధ్యలో మళ్ళీ పైకి వెళ్తే మిగతా చెల్లింపులు ఆగిపోతాయి. ఇటీవలి సీజన్లలో మొదటి ఏడాది సొమ్ము 4.5 నుంచి 5 కోట్ల పౌండ్ల మధ్య ఉంటోంది.

పెద్ద మొత్తమే. అయితే 2023-24లో అట్టడుగున నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కు లీగ్ నుంచి అందింది దాదాపు 11 కోట్ల పౌండ్లు. అంటే ఒక్క వేసవిలో ఆ పద్దు సగానికన్నా కిందికి పడిపోతుంది. ఖర్చు అంత వేగంగా పడదు. అసలు సమస్య అక్కడే.

ఒక ఊహా క్లబ్బును తీసుకుని లెక్క వేద్దాం. పైన ఉన్నప్పుడు టీవీ నుంచి 11 కోట్లు, టికెట్ల మీద 1 కోటి, స్పాన్సర్ల నుంచి 1.5 కోట్లు, మొత్తం 13.5 కోట్ల పౌండ్ల రాబడి. జీతాలు 8 కోట్లు. ఆటగాళ్ళను కొన్న ధరను ఒప్పందం ఎన్నేళ్ళయితే అన్నేళ్ళకు సమానంగా పంచి ఏటా ఖర్చు రాస్తారు, అది ఇంకో 4 కోట్లు. ఒడ్డున పడినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు కిందికి దిగింది. పారాచూట్ 4.8 కోట్లు, టికెట్లు 0.8, స్పాన్సర్లు 1.1, కలిపితే 6.7 కోట్లు. జాగ్రత్తపడిన క్లబ్బు గనక ఒప్పందాల్లో రెలిగేషన్ షరతు పెట్టిందనుకుందాం. 8 కోట్ల జీతాల్లో 6 కోట్లకు ఆ షరతు వర్తించి 40 శాతం కోత పడితే జీతాలు 5.6 కోట్లకు దిగుతాయి. కొనుగోలు ఖర్చు మాత్రం డివిజన్ మారిందని తగ్గదు, 4 కోట్లు అలాగే ఉంటుంది. మొత్తం 9.6 కోట్ల ఖర్చు, 6.7 కోట్ల రాబడి. స్టేడియం నిర్వహణ, ప్రయాణాలు, అప్పు మీద వడ్డీ కలపకముందే 2.9 కోట్ల లోటు!

షరతులు పెట్టుకున్న క్లబ్బు పరిస్థితే ఇది. పెట్టుకోకపోతే ఏమవుతుందో సండర్‌లాండ్ చూపించింది. పదేళ్ళు ప్రీమియర్ లీగ్‌లో ఉండి 2017లో దిగింది. మరుసటి ఏడాది రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌లోనూ చిట్టచివరి స్థానం. ఒక ఆటగాడి భారీ ఒప్పందంలో జీతం కోత షరతే లేదని అప్పట్లో వార్తలు విరివిగా వచ్చాయి. పారాచూట్ సొమ్ము అందుతుండగానే ఆ క్లబ్బు మూడో డివిజన్‌లోకి జారి, నాలుగు సీజన్లు అక్కడే గడిపింది.

అపోహ: నలుగురు ఆటగాళ్ళను అమ్మితే లోటు పూడుతుంది.

అమ్మిన ధరంతా లాభం కాదు. 2 కోట్లకు ఐదేళ్ళ ఒప్పందం మీద తెచ్చిన ఆటగాడి విలువ ఏటా 40 లక్షల చొప్పున తరిగి, రెండేళ్ళకు పుస్తకాల్లో 1.2 కోట్లుగా మిగులుతుంది. 1 కోటికి అమ్మితే 20 లక్షల నష్టం రాయాలి. క్లబ్బుకు డబ్బు అవసరమని కొనేవాళ్ళకు తెలుసు కాబట్టి వేసవి మొదట్లో వచ్చే ఆఫర్లు తక్కువగానే ఉంటాయి. పైగా ఆ ఆటగాడి తాలూకు వాయిదాలు పాత క్లబ్బుకు ఇంకా బాకీ ఉండొచ్చు. బండి అమ్మేసినా ఈఎంఐ మిగిలిపోయినట్టు. అకాడమీలో పెరిగిన కుర్రాడిని అమ్మితే మాత్రం పుస్తకాల్లో అతని విలువ దాదాపు సున్నా కాబట్టి ధర మొత్తం లాభమే. అందుకే చాలాసార్లు అభిమానులు ఎక్కువగా ప్రేమించే సొంత ఊరి కుర్రాడే ముందు వెళ్ళిపోతాడు. ఇది మాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

నష్టానికి పరిమితి కూడా ఉంది. ఇన్నాళ్ళూ నడిచిన నిబంధన ప్రకారం ప్రీమియర్ లీగ్‌లో గడిపిన ఏడాదికి 3.5 కోట్ల పౌండ్లు, ఛాంపియన్‌షిప్‌లో గడిపిన ఏడాదికి 1.3 కోట్లు చొప్పున మూడేళ్ళవి కూడి చూస్తారు. అకాడమీ, మహిళల జట్టు వంటి ఖర్చులు ఈ లెక్కలోకి రావు. పైన మూడేళ్ళూ ఉన్న క్లబ్బు పరిమితి 10.5 కోట్లు, అందులో ఒక ఏడాది కింద గడిపితే 8.3. గత రెండేళ్ళలో తెగించి ఖర్చుపెట్టిన క్లబ్బుకు పడిన ఏడాదే ఈ తాడు బిగుస్తుంది. పరిమితి దాటితే పాయింట్ల కోత పడొచ్చు.

అపోహ: పారాచూట్ ఉన్న జట్టు మరుసటి ఏడాదే పైకి వచ్చేస్తుంది.

దీన్ని పరీక్షించడానికి 2024 కన్నా మంచి ఉదాహరణ దొరకదు. బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్, లూటన్, మూడూ 2023లో కలిసి పైకి వెళ్ళాయి, 2024లో కలిసి దిగాయి. పైన మూడూ ఒక్క సీజనే ఆడాయి కాబట్టి మూడింటికీ దక్కే హక్కు ఒకటే, రెండేళ్ళ చెల్లింపు. 2024-25లో బర్న్‌లీ 46 మ్యాచ్‌ల్లో 16 గోల్సే ఇచ్చి 100 పాయింట్లతో పైకి వెళ్ళింది. షెఫీల్డ్ యునైటెడ్ 90 పాయింట్లు తెచ్చుకుని, పైకి వెళ్ళే చివరి స్థానం కోసం జరిగే ప్లేఆఫ్ ఫైనల్లో ఓడింది. వాళ్ళను ఓడించింది అదే సండర్‌లాండ్! లూటన్ 49 పాయింట్లతో ఇంకో డివిజన్ కిందికి పోయింది.

డబ్బు అవకాశాన్ని పెంచుతుంది, హామీ ఇవ్వదు. రెండో వేసవిలో చెల్లింపు తగ్గేనాటికి జీతాల పద్దు కూడా దిగిందా లేదా అన్నదే చూడాల్సింది. దిగకపోతే ఆ క్లబ్బు మూడో ఏడాది గురించి ఇప్పుడే భయపడాలి.

అపోహ: ఇది ఓడిపోయినవాళ్ళకు ఇచ్చే బహుమతి.

సగమే నిజం. ఈ రక్షణ లేకపోతే కొత్తగా పైకి వచ్చిన క్లబ్బు ఆ స్థాయి జీతాలిచ్చి ఎవరినీ తెచ్చుకోలేదు, తొలి రోజు నుంచే దిగిపోవడానికి సిద్ధపడి ఆడాల్సి వస్తుంది. ఆ వాదనలో బలముంది. కానీ పారాచూట్ లేని ఛాంపియన్‌షిప్ క్లబ్బుకు ప్రీమియర్ లీగ్ ఇచ్చే సాయం మూడో ఏడాది పారాచూట్‌లో 30 శాతమే, అంటే అర కోటి పౌండ్ల దరిదాపుల్లో. ఒకే డివిజన్‌లో ఒకరికి 4.8 కోట్లు, పక్కవాళ్ళకు 0.5 కోట్లు. ఆ తేడాను అందుకోవాలని యజమానులు అప్పు చేసి జీతాలు పెంచుతారు. మా దృష్టిలో పారాచూట్ వల్ల జరిగే అసలు హాని దిగిన క్లబ్బుల్లో కాదు, ఎప్పుడూ పైకి వెళ్ళని క్లబ్బుల్లో కనిపిస్తుంది.

అపోహ: ఐఎస్ఎల్‌లో రెలిగేషన్ పెడితే చాలు, మన ఫుట్‌బాల్ బాగుపడుతుంది.

2014లో మొదలైన మన దేశపు ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్ఎల్‌లో 2024-25 వరకు ఒక్క జట్టూ కిందికి పడలేదు. పైకి దారి కూడా ఆలస్యంగానే తెరుచుకుంది. 2018-19లో మరో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన చెన్నై సిటీకి ఆ దారి లేదు. 2023లో పంజాబ్, 2024లో మొహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచి వెళ్ళాయి. మెట్లు రెండు వైపులా ఉండాలనే మేమూ కోరుకుంటాం. అయితే ఇంగ్లండ్‌లో పారాచూట్‌కు ఆధారం పంచుకోవడానికి పెద్ద టీవీ ఆదాయం ఉండటం. ఇక్కడ క్లబ్బులు ప్రధానంగా యజమాని జేబు మీద నడుస్తున్నాయి. అలాంటి చోట కింది డివిజన్‌లోకి పడిన జట్టును యజమాని మూసేయడమే సులువైన దారి అవుతుంది. అందుకే రెలిగేషన్ కన్నా ముందు ప్రతి ఆటగాడి ఒప్పందంలో డివిజన్ మారితే జీతం ఎంతో రాసి ఉండాలి. కింది లీగ్‌లో కనీసం రెండు సీజన్ల జీతాలకు యజమాని బ్యాంకు గ్యారంటీ చూపించాలి.