న్యూయార్క్ గంటకు హనుమకొండలో అలారం

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మా హనుమకొండలో చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లకు టైమ్ జోన్ అన్న మాట తెలియకపోయినా ఒక సంగతి బాగా తెలుసు. మార్చి రెండో వారం రాగానే కొడుకు ఫోన్ ఒక గంట ముందే మోగుతుంది, నవంబర్ వచ్చాక మళ్లీ గంట వెనక్కి పోతుంది. కొడుకు వేళ మార్చుకోలేదు. అక్కడి గడియారాన్నే జరిపారు.

మా మేనల్లుడి కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

వాడు కాకతీయ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఇన్ఫోసిస్ షేరు ఇక్కడ నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ, అక్కడ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఏడీఆర్ అనే డిపాజిటరీ రసీదు రూపంలోనూ నడుస్తుంది. ఒకే కంపెనీకి రెండు చోట్ల ధర ఎలా కదులుతుందో పోల్చి చూడటం వాడి ప్రాజెక్టు. అందుకోసం ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ వేసి, ఐదు నిమిషాలకోసారి ధర తెచ్చి ఫైల్లో ఒక లైను రాసే చిన్న స్క్రిప్టు తయారుచేసుకున్నాడు. దాన్ని వేళకు లేపే పని క్రాన్‌ది.

క్రాన్ అంటే లైనక్స్‌లో ఎప్పుడూ మేలుకుని ఉండే ఒక ప్రోగ్రాం. నిమిషానికోసారి గడియారం చూస్తుంది, క్రాన్‌టాబ్ అనే పట్టికలో ఆ నిమిషానికి రాసిపెట్టిన పని ఉంటే మొదలుపెడుతుంది. పట్టికలో ప్రతి లైనుకు ముందు ఐదు గడులు ఉంటాయి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. దానికి తెలిసినది అంతే. మార్కెట్ తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది దానికి పట్టదు.

ముంబై వైపు పని తేలిగ్గానే అయిపోయింది. మన మార్కెట్ సోమవారం నుంచి శుక్రవారం వరకు పొద్దున 9:15కు మొదలై మధ్యాహ్నం 3:30కు ముగుస్తుంది, మన గడియారం ఏడాదంతా కదలదు. న్యూయార్క్ మార్కెట్ అక్కడి లెక్కన పొద్దున 9:30 నుంచి సాయంత్రం 4:00 దాకా. చలికాలంలో అది మనకు రాత్రి 8:00 నుంచి తెల్లవారుజాము 2:30 వరకు. వాడు మొదట ఇలా రాశాడు:

```
*/5 20-23 * * 1-5  $HOME/dhara.sh
*/5 0-1 * * 1-5    $HOME/dhara.sh
0-30/5 2 * * 1-5   $HOME/dhara.sh
```

మొదటి లైనుతో రోజుకు 48 సార్లు, రెండో దానితో 24, మూడో దానితో 7. మొత్తం 79. ఆరున్నర గంటల్లో ఐదేసి నిమిషాల చొప్పున, మొదలూ చివరా కలిపి సరిగ్గా రావలసినవి కూడా 79. వారానికి 395 లైన్లు రావాలి, వచ్చాయి. వాడు నిశ్చింతగా ఉన్నాడు.

అయినా ఆ పట్టిక తప్పు. శుక్రవారం రాత్రి మొదలైన న్యూయార్క్ ట్రేడింగ్ మనకు శనివారం తెల్లవారుజాము దాకా సాగుతుంది. ఐదో గడిలో `1-5`, అంటే సోమవారం నుంచి శుక్రవారం అని ఉంది కాబట్టి శనివారం క్రాన్ కదలదు, శుక్రవారం చివరి 31 లైన్లు పోతాయి. మరి సోమవారం తెల్లవారుజామున? అప్పటికి న్యూయార్క్‌లో ఇంకా ఆదివారం మధ్యాహ్నమే. మార్కెట్ మూసే ఉంటుంది, క్రాన్ మాత్రం 31 సార్లు లేచి పాత ధరనే మళ్లీ మళ్లీ రాస్తుంది. పోయినవి 31, దండగగా చేరినవి 31. వారం లెక్క సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇలాంటి తప్పే నన్ను ఎక్కువ భయపెడుతుంది. పని ఆగిపోతే వెంటనే తెలుస్తుంది, ఇది ఆగదు.

అర్ధరాత్రి తర్వాతి లైన్లలో `1-5` తీసి `2-6` పెడితే ఆ బాధ తీరుతుంది. అలాగే మార్చాం. ఫిబ్రవరి అంతా బాగా నడిచింది.

2025 మార్చి రెండో వారంలో వాడు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మామా, లైన్లు 79 వచ్చినయ్ గానీ చివర్ల ధర అస్సలు కదుల్తలేదు" అన్నాడు. సోమవారం, అంటే మార్చి 10 నాటి ఫైలు తెరిచి చూశాం. చివరి 13 లైన్లలో పైసా తేడా లేకుండా ఒకటే ధర. అంతకుముందు శుక్రవారం, మార్చి 7 నాటి ఫైల్లో అలా లేదు.

మధ్యలో వచ్చిన ఆదివారం, మార్చి 9న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపారు. 2007 నుంచి అక్కడి పద్ధతి ఇదే: మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. వాడికి నమ్మకం కుదరడానికి టెర్మినల్లో రెండు కమాండ్లు కొట్టి చూపించాను. న్యూయార్క్‌లో 9:30 అయినప్పుడు మనకు ఎంతవుతుందో ఇవి చెబుతాయి:

```
date -d 'TZ="America/New_York" 2025-03-07 09:30' +%H:%M
20:00
date -d 'TZ="America/New_York" 2025-03-10 09:30' +%H:%M
19:00
```

సోమవారం మార్కెట్ మనకు 7 గంటలకే తెరుచుకుంది. మా క్రాన్ 8కి లేచింది, మొదటి 12 లైన్లు పోయాయి. మార్కెట్ 1:30కే మూసేశారు, క్రాన్ 2:30 దాకా రాస్తూనే ఉంది. 1:30 నాటి ముగింపు ధర, దాని తర్వాత అదే ధర 12 సార్లు. మొత్తం మళ్లీ 79. పోయిన ఆ మొదటి గంటే వాడి ప్రాజెక్టుకు కావలసింది. ఇక్కడ మధ్యాహ్నం మార్కెట్ మూసేశాక వచ్చిన వార్తలకు అక్కడి ధర మొదట స్పందించేది ఆ గంటలోనే.

మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి పట్టిక చేత్తో మార్చుకోవచ్చు కదా అంటారేమో. మార్చుకోవచ్చు, గుర్తున్నంత కాలం. రేపు లండన్ కూడా చేర్చుకుంటే అక్కడ జరిపేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. టోక్యోలో అసలు జరపరు. మనిషి జ్ఞాపకం మీద పెట్టవలసిన పని కాదిది.

వాడు అప్పటికే ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. పట్టిక పైన `CRON_TZ=America/New_York` అని రాస్తే చాలట. ఫెడోరా, రెడ్ హ్యాట్ సిస్టమ్‌లలో వచ్చే క్రోనీ అనే క్రాన్‌కు ఈ మాట అర్థమవుతుంది. ఆ లైను కింద ఉన్న వేళలన్నీ న్యూయార్క్ వేళలుగానే లెక్కవేస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో మామూలుగా వచ్చే క్రాన్ మాత్రం దాన్ని ఏదో ఒక వేరియబుల్ అనుకుని పక్కన పెడుతుంది, ఎర్రర్ కూడా చూపించదు. లైను రాశాం, ఏ గొడవా రాలేదు, అంటే పనిచేస్తోందని అనుకుంటాం. మీ సిస్టమ్‌లో పనిచేస్తుందో లేదో `man 5 crontab` కొట్టి ఆ పేరు కోసం వెతికి చూడండి.

మేం వేరే దారి పట్టాం. క్రాన్‌కు వెడల్పైన వేళ ఇచ్చి, కచ్చితమైన లెక్క స్క్రిప్టుకు అప్పగించాం. పట్టికలో మూడు లైన్లు పోయి ఒకటే మిగిలింది:

```
*/5 0-2,19-23 * * *  $HOME/dhara.sh
```

చలికాలమైనా ఎండాకాలమైనా న్యూయార్క్ ట్రేడింగ్ ఈ కిటికీలోనే పడుతుంది. వారం గడిలో కూడా నక్షత్రమే పెట్టాం, ఎందుకంటే వారం లెక్క కూడా అక్కడిదే కావాలి. స్క్రిప్టు మొదట్లో ఈ కాపలా చేర్చాం:

```
#!/bin/sh
set -- $(TZ=America/New_York date '+%u %H%M %F')
[ "$1" -le 5 ] || exit 0
[ "$2" -ge 930 ] && [ "$2" -le 1600 ] || exit 0
grep -qx "$3" "$HOME/selavulu.txt" && exit 0
```

రెండో లైను న్యూయార్క్ గడియారాన్ని ఒక్కసారే చదివి మూడు ముక్కలు తెస్తుంది: వారంలో ఎన్నో రోజు (సోమవారం 1), గంటా నిమిషాలు, తేదీ. మూడూ ఒకే క్షణానివి కావాలి కాబట్టే `date` ఒకసారే పిలిచాం. తర్వాతి లైన్లు శని ఆదివారాల్లోనూ, 9:30కి ముందూ, 4:00 దాటాకా బయటికి పంపేస్తాయి. క్రాన్ రోజుకు 96 సార్లు లేపుతుంది, ట్రేడింగ్ ఉన్న రోజు కాపలా దాటేవి 79. మిగతా 17 సార్లు స్క్రిప్టు లేచిన వెంటనే ఆగిపోతుంది. కంప్యూటర్‌కు ఆ బరువు లెక్కలోనిది కాదు. ఒక జాగ్రత్త: ఈ `date` ముక్కను స్క్రిప్టులో కాకుండా నేరుగా క్రాన్‌టాబ్ లైనులో రాస్తే `%` గుర్తును క్రాన్ లైను ముగింపుగా తీసుకుంటుంది. అక్కడ ప్రతిసారీ `\%` అని రాయాలి.

చివరి లైనులోని `selavulu.txt`లో న్యూయార్క్ సెలవు తేదీలు లైనుకు ఒకటి చొప్పున ఉంటాయి, `2025-07-04` లాగా. ఇవి ఏ ఆదివారం లెక్కకూ అందవు. ఎక్స్ఛేంజి ప్రకటించిన జాబితా చూసి ఏటా రాసుకోవలసిందే. ఒంటి గంటకే మూసే సగం రోజులు కూడా ఉన్నాయి. 2025లో జూలై 3, నవంబర్ 28 అలాంటివే, వాటికి మా స్క్రిప్టులో ఇంకా ఏర్పాటు లేదు. మన వైపు ఇంకో రకం. 2025 ఫిబ్రవరి 1 శనివారమైనా బడ్జెట్ కోసం మార్కెట్ తెరిచారు. దీపావళికి, సెలవు రోజే ఒక గంట ముహూరత్ ట్రేడింగ్ ఉంటుంది.

ఇదే కాపలా ముంబై స్క్రిప్టుకూ పెట్టమన్నాను, క్రాన్ గంట గడిలో రెండిటికీ నక్షత్రమే ఉంచమన్నాను, రేపు అద్దె సర్వర్‌కు మారితే అక్కడి గడియారం మామూలుగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక వేళలో ఉంటుంది కాబట్టి. వాడు సర్వర్ తీసుకుని పెట్టాడు. ముంబై ఫైలు మధ్యాహ్నం 2:45కు మొదలవడం మొదలైంది. చూస్తే మన రాష్ట్రం కదా అని `TZ=Asia/Hyderabad` అని రాశాడు. టైమ్ జోన్ల పట్టికలో మన దేశానికి ఉన్న పేరు `Asia/Kolkata`. పట్టికలో లేని పేరు ఇస్తే లైనక్స్ కాదనదు, మాట్లాడకుండా యూటీసీ ఇచ్చేస్తుంది. యూటీసీలో 9:15 అంటే మనకు 2:45. `TZ=IST` అని రాసినా ఇదే గతి, పైగా పక్కన `IST` అని కూడా చూపించి నమ్మిస్తుంది. పట్టుకునే మార్గం తేలిక: `TZ=Asia/Kolkata date +%z` కొడితే `+0530` రావాలి. `+0000` వచ్చిందంటే పేరు తప్పు.

లైన్లు లెక్కపెట్టడం వాడు మానేశాడు. ఇప్పుడు ప్రతి లైను ముందూ ఎక్స్ఛేంజి వేళనే రాస్తున్నాడు. పొద్దున్నే ఫైలు తెరిచి మొదటి లైను 09:30, చివరి లైను 16:00 ఉన్నాయో లేదో చూస్తాడు. నవంబర్ 2న అమెరికా గడియారాలు వెనక్కి జరిపారు. 3వ తేదీ రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు, ఏడు దాటింది, ఫైల్లో ఏమీ రాలేదు. వాడికి టెన్షన్. "ఆగురా" అన్నాను. సరిగ్గా ఎనిమిదింటికి మొదటి లైను పడింది, దాని ముందు 09:30 అని ఉంది.