గొంతు నొప్పి తగ్గాక బ్రష్ పారేయాలా?

స్ట్రెప్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వచ్చిందని డాక్టర్ చెప్పగానే ఇంట్లో చాలామందికి మొదట గుర్తొచ్చేది టూత్ బ్రష్. పాతది పారేసి కొత్తది కొనమని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఈ మాటలో నిజమెంతో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూశారు. ల్యాబ్‌లో బ్రష్‌కి ఈ బ్యాక్టీరియా అంటిస్తే అది కనీసం రెండు రోజులు బతికింది. కానీ స్ట్రెప్ ఉన్న 14 మంది పిల్లలు, యువకుల చేత కొత్త బ్రష్‌లతో ఒక నిమిషం పళ్లు తోమిస్తే, ఆ బ్రష్‌లలో ఒక్కదాని మీదా అది కనిపించలేదు. ఇది చిన్న పరిశోధనే కాబట్టి బ్రష్ మార్చడం తప్పని అనలేం. పైగా ముప్పై రూపాయల పని. మార్చాలనుకుంటే యాంటీబయోటిక్ మొదలుపెట్టి ఒకట్రెండు రోజులయ్యాక మార్చండి. ముందే మారిస్తే ఆ కొత్త బ్రష్ కూడా బ్యాక్టీరియా ఉన్న నోట్లోకే వెళ్తుంది.

అసలు ఇది ఎలా పాకుతుందో ఒక ఇంటి లెక్కలో చూద్దాం. పాపకి సోమవారం జ్వరం వచ్చింది, మంగళవారం ఉదయం మందు మొదలైంది, బుధవారం బ్రష్ మార్చారు. గురువారం తమ్ముడికి గొంతు పట్టేసింది. బ్రష్ ఆలస్యంగా మార్చడం వల్లే అనుకుంటారు. కానీ స్ట్రెప్ సోకాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 5 రోజులు పడుతుంది. అంటే వాడికి శనివారానికీ మంగళవారానికీ మధ్యే అంటుకుంది. అక్కకి మందు పడకముందు ఒకే బాటిల్‌లో నీళ్లు తాగారు, ఒకే దిండు మీద మొహాలు దగ్గరగా పెట్టుకుని పడుకున్నారు. దగ్గు, తుమ్ము, మాటల తుంపర్లు, ఎంగిలి: దీనికి అసలు దారులు ఇవే.

అందుకే జబ్బు పడ్డ పిల్లల గ్లాసు, చెంచా, తువ్వాలు వేరు చేయండి. వాళ్లు కంచంలో వదిలేసిన అన్నం పారేయడం ఇష్టంలేక అమ్మలు తినేస్తుంటారు, ఆ వారం మాత్రం వద్దు. బ్రష్‌లన్నీ ఒకే మగ్గులో తలలు ఆనించుకుని ఉంటే విడదీసి పెట్టండి, వాడాక బాగా కడిగి ఆరనివ్వండి. దగ్గిన తర్వాత, వంటకి ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. మందు పడ్డ 12 నుంచి 24 గంటల్లో ఇతరులకి అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. అప్పటికి జ్వరం కూడా తగ్గితే స్కూలుకి పంపొచ్చు.

బ్రష్ గురించి ఇంత ఆలోచించేవాళ్లు మందు దగ్గర మాత్రం జారిపోతారు. మూడో రోజుకి నొప్పి పోతుంది, సీసా పక్కకి పోతుంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి సాధారణంగా 10 రోజులు రాస్తారు. మధ్యలో ఆపితే బ్యాక్టీరియా గొంతులో మిగిలిపోవచ్చు. కొందరు పిల్లల్లో అది రుమాటిక్ జ్వరానికి దారితీసి గుండె కవాటాలని దెబ్బతీస్తుంది.

లక్షణాలేవీ లేని మిగతా వాళ్లందరికీ పరీక్షలు, మాత్రలు అక్కర్లేదు. కాకపోతే ఇంట్లో ఎవరికైనా గతంలో రుమాటిక్ జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి మొదటి రోజే చెప్పండి.