మూడు నెలలు నడిచి ఆగిపోయిన డ్యాష్‌బోర్డు: ఓఆథ్ టోకెన్ల మీద అపోహలు - వాస్తవాలు

రోజూ పొద్దున్నే దానంతట అదే డేటా తెచ్చుకునేలా డ్యాష్‌బోర్డుకి ఒక జాబ్ పెడతాం. మొదటి రోజు పనిచేస్తుంది, వారమంతా పనిచేస్తుంది, ఇక దాని సంగతి అందరూ మర్చిపోతారు. ఆ తర్వాత ఎప్పుడో, కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకుండానే, ఆగిపోతుంది. ఇలా ఆగినవాటిని విప్పి చూస్తే చాలాసార్లు కింద కనిపించేది టోకెన్ గొడవే. దాని చుట్టూ నాకు తరచూ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

ముందు రెండు ముక్కల్లో విషయం. పాస్‌వర్డ్ చేతికివ్వకుండానే ఒక యాప్‌కి మన డేటా చూసే అనుమతి ఇచ్చే పద్ధతి ఓఆథ్, ఆ అనుమతికి గుర్తుగా యాప్ చేతికొచ్చేది టోకెన్. డేటా అడిగేటప్పుడు చూపించేది యాక్సెస్ టోకెన్, దీని ఆయుష్షు తక్కువ, చాలా చోట్ల గంట. అది అయిపోయాక మనిషి మళ్ళీ లాగిన్ కాకుండా కొత్తది తెచ్చుకోవడానికి ఇచ్చేది రిఫ్రెష్ టోకెన్. డేటా తాజా చేయడాన్ని కూడా రిఫ్రెష్ అనే అంటాం కాబట్టి ఈ రెండూ కలిసిపోకుండా కింద టోకెన్ మార్చుకోవడాన్ని ‘రెన్యువల్’ అంటాను.

అపోహ: వారం నడిచింది కదా, ఇక ఢోకా లేదు.

వారం నడవడం వల్ల తెలిసేది ఒక్కటే, గంటకోసారి అయిపోయే యాక్సెస్ టోకెన్‌ని మీ జాబ్ రెన్యువల్ చేసుకోగలుగుతోందని. దాని వెనక ఇంకా నెమ్మదిగా తిరిగే గడియారాలున్నాయి. వాటి ముల్లు చివరికి వచ్చేది వారాలు, నెలలు గడిచాకే.

వాటిలో బాగా త్వరగా పట్టుకునేది గూగుల్‌ది. మీ ప్రాజెక్టు కన్సెంట్ స్క్రీన్ ఎక్స్‌టర్నల్ రకమై, పబ్లిషింగ్ స్టేటస్ ఇంకా `Testing` దగ్గరే ఉంటే, అక్కడి రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకు చెల్లిపోతుంది (పేరు, ఈమెయిల్, ప్రొఫైల్ మాత్రమే అడిగితే ఈ నియమం వర్తించదు, కానీ డ్యాష్‌బోర్డుకి అవి మాత్రమే చాలవు కదా). సోమవారం పెట్టింది సరిగ్గా వచ్చే సోమవారం ఆగితే కోడ్ వెతక్కండి, ముందు ఆ స్టేటస్ చూడండి. దాన్ని `In production`కి మార్చి, మళ్ళీ ఒకసారి లాగిన్ అయి కొత్త టోకెన్ తీసుకోండి. స్టేటస్ మార్చి పాత టోకెన్‌నే ఉంచేస్తే వచ్చే వారం మళ్ళీ ఇదే కథ.

అపోహ: రిఫ్రెష్ టోకెన్ ఒకసారి తీసుకుని కాన్ఫిగ్‌లో పెట్టేస్తే చాలు.

ఎక్కువ జాబులు చచ్చేది ఇక్కడే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

రెన్యువల్ అడిగినప్పుడు సర్వర్ కొత్త యాక్సెస్ టోకెన్‌తో పాటు కొత్త రిఫ్రెష్ టోకెన్ కూడా ఇవ్వొచ్చు. ఇస్తే పాతదాన్ని పారేసి కొత్తది పెట్టుకోవాలని ఓఆథ్ 2.0 ప్రమాణం (ఆర్ఎఫ్‌సీ 6749, 2012) స్పష్టంగానే చెబుతోంది. కానీ రాసేవాళ్ళకి కావలసింది యాక్సెస్ టోకెన్ కాబట్టి జవాబులోంచి అదొక్కటి తీసుకుని మిగతాది వదిలేస్తారు.

మైక్రోసాఫ్ట్ లాగిన్ మీద నడిచే జాబ్ ఒకటి అనుకుందాం. మార్చి 1న లాగిన్ అయి రిఫ్రెష్ టోకెన్ తీసుకుని కాన్ఫిగ్‌లో అతికించారు. అక్కడ సాధారణంగా దాని ఆయుష్షు 90 రోజులు. జాబ్ రోజూ ఉదయం 6 గంటలకు ఆ టోకెన్‌నే పంపుతుంది, సర్వర్ ప్రతిసారీ కొత్త రిఫ్రెష్ టోకెన్ ఇస్తుంది, జాబ్ దాన్ని పారేస్తుంది. కొత్తది ఇచ్చినంత మాత్రాన ఆ సర్వర్ పాతదాన్ని రద్దు చేయదు కాబట్టి అంతా చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది. మార్చి 1 నాటి టోకెన్‌కి మే 30తో 90 రోజులు నిండుతాయి. ఆ తర్వాతి ఉదయం `invalid_grant`, దాని పక్కనే `AADSTS700082`. ఆ సందేశం టోకెన్ వాడకుండా ఉండటం వల్ల గడువు తీరిందని చెబుతుంది. రోజూ వాడుతున్న టోకెన్ వాడకపోవడమేమిటని జనం తల పట్టుకునేది అక్కడే. సందేశంలో టోకెన్ ఇచ్చిన తేదీ కూడా ఉంటుంది, దాన్ని చూడండి. అది మీరు మొదట సెటప్ చేసిన రోజే అయితే, ఇన్నాళ్ళూ వచ్చిన కొత్త టోకెన్లన్నీ చెత్తబుట్టలోకి వెళ్ళాయని అర్థం.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకొకటి ఉంది. జవాబు మొత్తాన్ని తీసుకెళ్ళి టోకెన్ ఫైలు మీద రాసేయడం. గూగుల్ లాంటి చోట రెన్యువల్ జవాబులో మామూలుగా రిఫ్రెష్ టోకెన్ ఉండనే ఉండదు, పాతదే వాడుకోవాలి. ఫైలు మొత్తం తిరగరాస్తే ఉన్న ఒక్క రిఫ్రెష్ టోకెనూ పోతుంది, గంట తర్వాత రెన్యువల్‌కి చేతిలో ఏమీ మిగలదు. రెండు తప్పులకీ మందు ఒకటే వరుస:

```python
new = r.json()
tok["access_token"] = new["access_token"]
tok["refresh_token"] = new.get("refresh_token",
                               tok["refresh_token"])
tok["expires_at"] = time.time() + new["expires_in"]
save(tok)
```

కొత్తది వస్తే కొత్తది, రాకపోతే పాతదే. `save` అనేది డేటా అడగడానికి ముందే జరగాలి, చివర్లో కాదు. డేటా తెచ్చే దారిలో జాబ్ కూలిపోతే, భద్రం చేయని కొత్త టోకెన్ మెమరీతో పాటే పోతుంది. రాసేటప్పుడు కూడా ముందు పక్కన ఒక తాత్కాలిక ఫైలులో రాసి, `os.replace`తో దాన్ని అసలు పేరుకి మార్చితే సగం రాసిన ఫైలు మిగిలే ప్రమాదం ఉండదు.

మరి ఆ ఫైలు ఎక్కడుంది? జాబ్ కంటైనర్‌లో నడుస్తూ, టోకెన్‌ని కంటైనర్ లోపలే రాసుకుంటుంటే, ఎవరో కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసిన రోజు అదంతా తుడిచిపెట్టుకుపోయి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్న రెండు నెలల కిందటి టోకెన్ మళ్ళీ పైకొస్తుంది. నింద మాత్రం ఆ రోజు డిప్లాయ్ చేసినవాళ్ళ మీద పడుతుంది, పాపం. టోకెన్ మారుతూ ఉండే వస్తువు, కాబట్టి డేటాబేస్‌లోనో, జాబ్ తిరిగి రాయగలిగే సీక్రెట్ స్టోర్‌లోనో ఉండాలి.

అపోహ: టోకెన్ ఒకటే కదా, రెండు జాబులూ పంచుకోవచ్చు.

కొన్ని సర్వర్లలో రిఫ్రెష్ టోకెన్ ఒక్కసారి వాడకానికే. వాడగానే అది చెల్లదు, చేతికొచ్చిన కొత్తదే గతి. చెల్లిన టోకెన్ మళ్ళీ కనబడితే ఎవరో దొంగిలించారని అనుమానించి, దాని వరుసలో ఇచ్చిన టోకెన్లన్నిటినీ రద్దు చేసే సర్వర్లూ ఉన్నాయి. భద్రత కోసం చేసే పనే అది, తప్పుపట్టలేం.

ఇప్పుడు 6 గంటలకు డ్యాష్‌బోర్డు జాబ్, అదే 6 గంటలకు ఈమెయిల్ రిపోర్టు జాబ్ ఉన్నాయనుకోండి. రెండూ ఒకే ఫైలు చదివి ఒకే రిఫ్రెష్ టోకెన్ పంపుతాయి. మొదటిదానికి కొత్తది దొరుకుతుంది, రెండోది అర సెకను ఆలస్యంగా వెళ్ళి దొంగగా ముద్ర వేయించుకుంటుంది, దాంతో మొదటిదాని కొత్త టోకెన్ కూడా పోతుంది. వారాల పాటు ఇది జరగకపోవచ్చు, ఎందుకంటే ఏదో ఒక జాబ్ కొన్ని సెకన్లు ముందో వెనకో మొదలవుతూ ఉంటుంది. సర్వర్ మీద లోడ్ మారిన రోజు రెండూ ఒకేసారి తగులుతాయి.

అందుకని రెన్యువల్ చుట్టూ తాళం వేయాలి: తాళం తీసుకో, ఫైలు మళ్ళీ చదువు, ఇంకొకరు ఈలోపే రెన్యువల్ చేసి ఉంటే అదే వాడు, లేకపోతే నువ్వు చేసి, రాసి, తాళం వదులు. మళ్ళీ చదవడం మర్చిపోతే తాళం వేసినా లాభం లేదు, లోపలికి వెళ్ళాక పంపేది పాత టోకెనే. రెండు జాబులూ వేర్వేరు మెషీన్లలో ఉంటే ఫైలు తాళం పనికిరాదు, డేటాబేస్ వరుస మీద `SELECT ... FOR UPDATE` లాంటిది కావాలి.

ఈ జాబితాలోకి ల్యాప్‌టాప్ కూడా వస్తుంది. టెస్ట్ చేద్దామని ప్రొడక్షన్ టోకెన్ ఫైలు కాపీ చేసుకుని ఒక్కసారి రన్ చేస్తే చాలు, ల్యాప్‌టాప్‌కి కొత్త టోకెన్ వస్తుంది, ప్రొడక్షన్‌లో ఉన్నది చచ్చిన టోకెన్ అవుతుంది. టెస్టుకి వేరే లాగిన్‌తో వేరే టోకెన్ తీసుకోండి.

అపోహ: ఫెయిలైతే మళ్ళీ ప్రయత్నించేలా లూప్ పెడితే సరి.

నెట్‌వర్క్ తెగినప్పుడు, సర్వర్ 503 ఇచ్చినప్పుడు కొంచెం ఆగి మళ్ళీ అడగడం సబబే. కానీ `invalid_grant` అంటే ఆ టోకెన్ ఇక చెల్లదని, వందసార్లు అడిగినా అదే జవాబు. అది మామూలుగా 400 కోడ్‌తో వస్తుంది, అసలు కారణం జవాబు లోపలి జేసన్‌లో ఉంటుంది. చాలా స్క్రిప్టులు `raise_for_status()` దగ్గరే ఆగిపోయి లాగ్‌లో ‘400 Bad Request’ అని మాత్రం మిగుల్చుతాయి. ముందు `error`, `error_description` రెండూ లాగ్ చేయండి. టోకెన్‌ని మాత్రం లాగ్ చేయొద్దు, రిఫ్రెష్ టోకెన్ హ్యాష్‌లో మొదటి ఎనిమిది అక్షరాలు రాయండి చాలు. ఈ రోజు పంపినది నిన్న దాచినదేనా అన్నది దాంతోనే తేలిపోతుంది.

ఇదంతా పరీక్షించడానికి మూడు నెలలు కూర్చోనక్కర్లేదు. ప్రతి రన్‌కి ముందు `expires_at`ని సున్నా చేస్తూ జాబ్‌ని వరుసగా రెండుసార్లు రన్ చేయండి. టోకెన్ మార్చే సర్వర్ అయితే హ్యాష్ రెండుసార్లూ మారాలి, మార్చని సర్వర్ అయితే అదే హ్యాష్ నిలిచి ఉండాలి. తర్వాత అకౌంట్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ యాప్‌కి ఇచ్చిన అనుమతిని కావాలనే తీసేసి, `expires_at`ని మళ్ళీ సున్నా చేసి రన్ చేయండి. జాబ్ వెంటనే ఆగి మనిషికి కబురు పంపాలి. ఏమీ చెప్పకుండా నిన్నటి అంకెలే చూపిస్తూ కూర్చుంటే అది ఫెయిలవడం కన్నా ఘోరం. డ్యాష్‌బోర్డు మీద ‘చివరిసారి డేటా వచ్చిన సమయం’ పెట్టండి, ఆ టైమ్‌ని జాబ్ మొదలైనప్పుడు కాకుండా డేటా నిజంగా చేరాకే మార్చండి.

అపోహ: రెన్యువల్ సరిగ్గా రాస్తే ఇక మనిషి అవసరమే లేదు.

కొన్ని చోట్ల ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో యాక్సెస్ టోకెన్ 60 రోజులు, రిఫ్రెష్ టోకెన్ 365 రోజులు, ఎన్నిసార్లు రెన్యువల్ చేసినా ఆ 365 పెరగవు. ఏడాదికొకసారి ఎవరో ఒకరు లాగిన్ అవ్వాల్సిందే. మైక్రోసాఫ్ట్‌లో యాప్‌కి పాస్‌వర్డ్ లాంటిదైన క్లయింట్ సీక్రెట్‌కి వేరే గడువు ఉంటుంది. టోకెన్ బాగానే ఉన్నా సీక్రెట్ తీరిపోతే `AADSTS7000222` వస్తుంది. ఈ తేదీలు కోడ్‌తో పెరిగేవి కావు కాబట్టి వాటిని టోకెన్ పక్కనే రాసి పెట్టి, 14 రోజుల ముందు జాబే ఈమెయిల్ పంపేలా చేయండి. ఒక్కరికి కాదు, టీమ్ అడ్రస్‌కి. సెటప్ చేసినవాళ్ళు ఉద్యోగం మానేశాక వాళ్ళ అకౌంట్ మూసేస్తే టోకెనూ పోతుంది, హెచ్చరిక వెళ్ళేది కూడా ఆ మూసేసిన ఇన్‌బాక్స్‌కే.

మనిషి లాగిన్‌తో పని లేకుండా యాప్ తన పేరు మీదే టోకెన్ తెచ్చుకునే సర్వీస్ అకౌంటో, క్లయింట్ క్రెడెన్షియల్స్ పద్ధతో ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది, డేటా సంస్థది అయితే ముందు అదే అడిగి చూడండి. వ్యక్తి అనుమతితోనే డేటా ఇచ్చే చోట్ల మాత్రం మళ్ళీ లాగిన్ అయ్యే లింకు ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. గూగుల్‌కైతే ఆ లింకులో `access_type=offline`తో పాటు `prompt=consent` కూడా పెట్టండి, లేకపోతే ఇంతకుముందే అనుమతి ఇచ్చిన యూజర్‌కి రెండోసారి రిఫ్రెష్ టోకెన్ రాకపోవచ్చు. లాగిన్ బాగానే అయినట్టుంటుంది, గంటసేపు డేటా కూడా వస్తుంది, ఆ తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది.